చింతపిక్కకు పది

దీపావళి సెలవు అయిపోయిన మర్నాడు బడి గంట కొట్టకముందే ఆమె వరండాలో నిలబడి ఉంది. చంకలో చిన్నోడు, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరులో రేషన్ కార్డు, ఆధార్ కాగితాలు, పిల్లల టీకాల కార్డు. ఆ కవరు చూడగానే నాకు విషయం అర్థమైంది. మా వైపు ఆ కవరు బయటికి వచ్చిందంటే ఇల్లు కదులుతోందని అర్థం.

"మేడం, గురువారం బెంగుళూరుకు పోతాండాం. పాపకు టి.సి. ఇయ్యాల" అంది.

"సంవత్సరం మధ్యలో ఏం తల్లీ?"

"ఆయప్ప ఆడ బేల్దారి పనికి కుదురుకున్నాడు మేడం. శెనక్కాయ ఈసారి గూడా పోయింది కదా."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"తెల్దు మేడం."

కదిరి చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. వానలు మొహం చాటేసిన ఏడాది, కార్తీకం వచ్చేసరికి నా హాజరు పట్టీలో రెండు మూడు పేర్లు ఎర్ర గీత కిందికి పోతాయి. ఆ రోజు వెళ్తానన్న పాప నా నాలుగో తరగతిలో చదువుతోంది. తరగతిలో ఇరవై ఆరుమంది. పాప పేరు ఇక్కడ రాయను. కానీ ఆ పాపతో పంపిన ఒక చీటీ గురించి మాత్రం వివరంగా రాస్తాను. నడి సంవత్సరంలో బడి మారే పిల్లకు క్లాసు టీచరు సొంతంగా రాసి ఇచ్చే ఒక పేజీ అది. ఏ నియమమూ దాన్ని అడగదు, ఏ రిజిస్టరులోనూ అది ఎక్కదు. అది ఏ పని చేస్తుందో, ఎలా రాయాలో తెలుసుకోవడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది.

టి.సి. ఏం చెబుతుంది?

అందరం టి.సి. అనే అంటాం కానీ ప్రాథమిక పాఠశాలలో ఇచ్చేది రికార్డు షీటు. అందులో పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, పుట్టుమచ్చలు, బడిలో చేరిన తేదీ, వదిలిన తేదీ, చదువుతున్న తరగతి ఉంటాయి. చివర్లో ప్రవర్తన అని ఒక గడి. ఆ గడిలో నేను చూసిన ప్రతి షీటులోనూ ఒకటే మాట: 'బాగుంది'. దాంతోపాటు యూడైస్‌లో పిల్లకు ఇచ్చిన పెన్ నంబరు రాసి ఇస్తాం. ఇక్కడ పిల్ల బడి వదిలినట్టు మేము ఆన్‌లైన్‌లో నమోదు చేస్తేనే అక్కడి బడివాళ్లు ఆ నంబరుతో పిల్లను తమ జాబితాలోకి తీసుకోగలరు. రాష్ట్రం దాటే పిల్లల కాగితం మీద మండల విద్యాధికారి సంతకం కూడా ఉంటే మంచిదని చాలాచోట్ల అంటారు. అది కూడా చేయించి ఇస్తాం.

ఈ కాగితం గురించి తల్లిదండ్రులకు ఒక సంగతి తెలియాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఐదో సెక్షను ప్రకారం, ఎనిమిదో తరగతి లోపు పిల్లలు రాష్ట్రం లోపలగానీ, రాష్ట్రం దాటిగానీ వేరే సర్కారు బడికి మారాలంటే ప్రధానోపాధ్యాయులు టి.సి. వెంటనే ఇచ్చి తీరాలి. అది రావడం ఆలస్యమైందని కొత్త బడి పిల్లను చేర్చుకోకుండా ఆపడానికి వీల్లేదు. అందుకే ఆ తల్లికి ముందు ఈ మాటే చెప్పాను. "కాగితం గురువారంలోపల ఇస్తాం. ఒకవేళ ఎక్కడైనా పోగొట్టుకున్నా పాపను ఇంట్లో కూర్చోబెట్టొద్దు. బడికి తీసుకుపో, చేర్చుకుంటారు."

కాగితాల పని అంతటితో అయిపోయింది. కానీ సాయంత్రం ఆ షీటు నింపుతూ ప్రవర్తన గడి దగ్గర చేయి ఆగింది. ఆ పాప గురించి నాకు తెలిసినదాంట్లో ఈ షీటు మోసుకుపోయేది ఎంత? పుట్టుమచ్చ ఎక్కడుందో చెబుతుంది. చెవి సంగతి చెప్పదు.

రెండు నెలలు పట్టిన ఒక సంగతి

జూన్‌లో ఆ పాప నాకు అర్థం కాలేదు. పిలిస్తే ఒక్కోసారి చటుక్కున లేస్తుంది, ఒక్కోసారి పలకదు. నిర్లక్ష్యమేమో అనుకున్నాను. జూలైలో ఒకరోజు ఆటల గంటలో చెట్టు కింద కూర్చుని చూస్తున్నాను. ఎడమ పక్క నుంచి స్నేహితురాలు రెండుసార్లు పిలిచింది. తిరగలేదు. అదే పిల్ల కుడి పక్కకు వచ్చి మామూలుగా పిలిస్తే తిరిగింది. మర్నాడు తరగతిలో నేనే అటూ ఇటూ నిలబడి పిలిచి చూశాను. ఎడమ చెవి సరిగా వినపడదు. బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందం ఆగస్టులో చూసి, అవునని చెప్పి పెద్దాసుపత్రికి రాసి ఇచ్చింది. నేను పాప చోటు మార్చాను. బోర్డు వైపు తిరిగి కూర్చుంటే ఎడమ కొసన ఉండే చోటు. అక్కడైతే కుడి చెవి తరగతి వైపు ఉంటుంది. పది రోజుల్లో పాప పలకడం మొదలుపెట్టింది.

ఇది కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది, అదీ పాప భాష నా భాష ఒకటే అయివుండి. ఇప్పుడు పాప వెళ్లేది కన్నడ బడికి. అక్కడ పిలిస్తే పలకకపోతే కొత్త టీచరు ఏమనుకుంటారు? భాష రాక పలకలేదు అనుకుంటారు. అది సహజమే. కన్నడం వచ్చాక చూద్దాంలే అని వదిలేస్తారు. చెవి సంగతి భాష చాటున దాక్కుంటుంది. ఒక సంవత్సరం అలాగే పోవచ్చు.

నడి సంవత్సరంలో బడి మారితే జరిగే అసలు నష్టం ఇదే. పాఠాలు వెనకబడితే మళ్లీ చదువుకోవచ్చు. పిల్ల గురించి టీచరుకు తెలిసిన సంగతులు మాత్రం టీచరు బుర్రలోనే ఉండిపోతాయి. జూన్‌లో తరగతి మారితే పక్క గదిలోని టీచరుకు నోటితో చెబుతాం. ఊరు మారితే చెప్పడానికి ఎవరూ ఉండరు. ఆ ఖాళీని పూడ్చేది ఒక్క చీటీయే.

నేను మొదట రాసిన చీటీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అయిదో తరగతి అబ్బాయికి ఇలాంటి చీటీ రాశాను. రంగు కాగితం మీద, అంచులకు పూలు వేసి, గుండ్రటి అక్షరాలతో. నువ్వు చాలా మంచివాడివనీ, బాగా చదువుకొని గొప్ప స్థాయికి ఎదగాలనీ, నిన్ను మేమెప్పుడూ మరచిపోమనీ, నువ్వు లేని తరగతి బోసిపోతుందనీ. వేసవిలో ఆ అబ్బాయి అవ్వగారింటికి వచ్చినప్పుడు బజారులో కనిపించాడు. వాళ్ల అవ్వ అడిగింది: "మేడం ఏమో రాసిచ్చిందంట కదరా, ఏం రాసింది?" అబ్బాయి కాసేపు ఆలోచించి, "మంచి మాటలు రాసింది" అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు.

తప్పు వాడిది కాదు. చెప్పుకోడానికి నేను ఏమీ రాయలేదు. ఆ మాటల్లో ఏ ఒక్కటీ వాడిది కాదు. పేరు కొట్టేసి పక్కవాడి చేతిలో పెట్టినా సరిపోయే చీటీ అది. అప్పటినుంచి నేను పెట్టుకున్న పరీక్ష అదే. రాయడం అయ్యాక పేరు మీద వేలు పెట్టి చదువుతాను. తరగతిలో ఇంకో పిల్లకు ఇవ్వగలిగే వాక్యం ఏదైనా కనిపిస్తే కొట్టేస్తాను. మొదటిసారి అలా చేసినప్పుడు పేజీలో రెండే వాక్యాలు మిగిలాయి.

ఆ చీటీలో ఇంకో తప్పు కూడా ఉంది. నువ్వు లేక బోసిపోతుంది అని రాయడం పెద్దవాళ్లకు ప్రేమగా అనిపిస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లకు మాత్రం అది తన వల్ల జరిగిన తప్పులా వినిపిస్తుంది. వెళ్లాలని ఆ పిల్ల నిర్ణయించలేదు. వద్దని ఆపే శక్తీ లేదు. మన దిగులు కూడా తన మూటలో పెట్టి పంపకూడదు. అలాగే మళ్లీ కలుద్దాం అనే మాట నేను రాయను, ఎప్పుడో ఎక్కడో తెలిస్తే తప్ప. పిల్లలు అలాంటి మాటలను లెక్కపెట్టుకుంటారు. మార్కులు రాయను, అవి రిజిస్టరులో ఎలాగూ ఉన్నాయి. నాన్న అప్పులు, పంట పోవడం లాంటి ఇంటి సంగతులు రాయను. ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు.

శనివారం నోటుబుక్కు

రాయాలని కూర్చున్నాక గుర్తు చేసుకుందామంటే ఏమీ గుర్తుకు రాదు. ముప్పై మంది పిల్లల్లో ఒకరిని తలచుకుంటే 'నెమ్మదైన పిల్ల' అనే మాట తప్ప ఇంకేమీ తోచదు. అందుకే నేను రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. ఒక్కో పిల్లకు రెండు పేజీలు. ప్రతి శనివారం బడి వదిలాక అయిదుగురి గురించి తలా ఒక్క వాక్యం రాస్తాను. ఆ వారం ఆ పిల్ల చేయగా నేను చూసింది, లేదా అనగా విన్నది. అంతే. పది నిమిషాల పని. ఇరవై ఆరుమంది ఉంటే నెల దాటేసరికి ప్రతి పిల్లకూ ఒక వంతు వస్తుంది. జూన్ నుంచి దీపావళి దాకా ఒక్కొక్కరి పేరు కింద మూడు నాలుగు వాక్యాలు ఉంటాయి. చీటీకి అవి చాలు.

ఆ నోటుబుక్కులో చూసింది మాత్రమే రాయాలి, తీర్పు రాయకూడదు. 'మొండి' అని రాస్తే అది తీర్పు. 'తప్పు చెప్పినప్పుడు పలక బోర్లించి పెట్టింది, ఒంటరిగా పిలిచి అడిగితే సరిగ్గా చేసింది' అని రాస్తే అది చూసింది. మొదటిది పిల్ల వెంట ఊరూరా తిరుగుతుంది. రెండోది కొత్త టీచరుకు ఒక దారి చూపిస్తుంది.

ఆ పాప పేజీలు తీసి చూశాను. సెప్టెంబరులో పిల్లలందరినీ తిమ్మమ్మ మర్రిమాను చూపించడానికి తీసుకెళ్లాం. కదిరికి సుమారు పాతిక కిలోమీటర్లు. దాదాపు ఐదెకరాల్లో పరుచుకున్న ఆ ఒక్క చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఊడలు లెక్కపెట్టండి చూద్దాం అని గుంపుకు ఒక మూల అప్పగించాను. ఇరవై ముప్పై దాటేసరికి అందరూ లెక్క తప్పి కొట్టుకుంటున్నారు. ఈ పాప మాత్రం జేబులోంచి చింతపిక్కలు తీసింది. పది ఊడలు లెక్కపెట్టగానే ఒక పిక్క ఎడమ గుప్పిట్లో వేసుకుంటోంది. చివర్న నా దగ్గరికి వచ్చి గుప్పిట తెరిచి, రెండో చేతి వేళ్లు చూపించి "ఏడు పిక్కలు, నాలుగు వేళ్లు మేడం. డెబ్బై నాలుగు" అంది. ఎవరూ నేర్పలేదు. పదులు, ఒకట్లు అనే స్థానవిలువ పాఠం ఆ గుప్పిట్లో ఉంది.

దాని కింద ఇంకో వాక్యం, అక్టోబరుది: 'మధ్యలో సున్నా ఉన్న తీసివేత తప్పింది.' 502లోంచి 178 తీసేయమంటే పాప 476 అని వేసింది. ఎలా వచ్చిందో చూస్తే తెలిసిపోతుంది. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి తిప్పి ఎనిమిదిలోంచి రెండు తీసింది. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడునే కింద వేసింది. చాలామంది పిల్లలు చేసే తప్పే ఇది. అరువు తెచ్చుకోడానికి పక్క ఇంట్లో సున్నా ఉంటే ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు. అప్పుడు చింతపిక్కలే ముందు పెట్టాను. పది పిక్కలు కట్టిన మూట నూరు అనుకుందాం అన్నాను. 502 అంటే అయిదు మూటలు, రెండు వేళ్లు. ఒక మూట విప్పింది, పది పిక్కలు వచ్చాయి. అందులో ఒక పిక్కను వేళ్లుగా మార్చింది. ఇప్పుడు నాలుగు మూటలు, తొమ్మిది పిక్కలు, పన్నెండు వేళ్లు. పన్నెండులో ఎనిమిది పోతే నాలుగు, తొమ్మిదిలో ఏడు పోతే రెండు, నాలుగులో ఒకటి పోతే మూడు. 324. పాప నవ్వింది. ఆ తర్వాత రెండు లెక్కలు సరిగ్గా చేసింది, మూడోది మళ్లీ తప్పింది. అక్కడిదాకా వచ్చేసరికి దీపావళి సెలవులు.

రాసింది ఇది

బుధవారం రాత్రి రూళ్ల కాగితం ఒక్కటి తీసుకుని ఒక పక్కనే రాశాను. ఒక్క పేజీ దాటితే పిల్ల చదవదు. అక్షరాలు పెద్దవిగా, వాక్యాలు చిన్నవిగా. ఈ పాప ఒత్తులు ఎక్కువున్న మాట దగ్గర ఆగుతుంది, అందుకని అలాంటి మాటలు వీలైనంత తగ్గించాను. పైన తేదీ, ఊరు పేరు. పాప పేరుతో మొదలుపెట్టాను. ఇక్కడ ఆ చోట 'తల్లీ' అని రాస్తున్నాను.

"తల్లీ,

మర్రిమాను కింద నువ్వు డెబ్బై నాలుగు ఊడలు లెక్కపెట్టావు. లెక్క తప్పనిది నువ్వు ఒక్కదానివే. పది ఊడలకు ఒక చింతపిక్క. ఆ ఉపాయం నీకు ఎవరూ చెప్పలేదు. నీకే తోచింది. ఇప్పుడు మన తరగతిలో అందరూ అలాగే లెక్కపెడుతున్నారు.

తీసివేతలో మధ్యన సున్నా వస్తే భయపడకు. మూట విప్పు. ఒక పిక్కను వేళ్లు చేయి. నువ్వు రెండు లెక్కలు సరిగా చేశావు. మూడోది కూడా వస్తుంది.

నువ్వు పోయే ఊళ్లో బడిలో కన్నడం మాట్లాడతారు. దాని అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్లు. గ, ద, న, బ, మ, ర, ల చూడగానే పోలుస్తావు. క, త మాత్రం వేరేగా ఉంటాయి. తలకట్టు కూడా వేరేగా పెడతారు. మొదటి వారం అవి నేర్చుకో.

ఇంకో సంగతి. మన మాటకు ముందున్న ప అక్కడ హ అవుతుంది. పులిని హులి అంటారు. పూవును హూవు అంటారు. పల్లెను హళ్ళి అంటారు. అక్కడి బడిలో పిల్లలకు పాలు ఇస్తారు. వాళ్లు హాలు అంటే పాలే అని తెలుసుకో.

సరిగా వినపడకపోతే మళ్లీ చెప్పమని అడుగు. ఇక్కడ నన్ను అడిగేదానివి కదా, అలాగే.

నీ చోట్లో ఎవరు కూర్చోవాలో పిల్లలే తేల్చుకుంటారట. నీ పలక మీద వేసిన నెమలి బొమ్మ బీరువా తలుపు లోపల అతికించాను.

మీ మేడం."

కింద నా ఫోను నంబరు రాశాను. పెన్ నంబరు గురించో ఇంకో కాగితం గురించో అక్కడ ఏదైనా అడిగితే వాళ్లమ్మకు అడగడానికి ఒక మనిషి కావాలి.

ఈ చీటీలో పొగడ్త లేకపోలేదు. కానీ అది పాప చేసిన పనిమీద నిలబడి ఉంది. రాని లెక్క కూడా రాశాను. అది రాయకపోతే పొగడ్తను పిల్ల నమ్మదు. తనకు ఏం రాదో తనకు తెలుసు. రాని దాని పక్కనే అది ఎలా వస్తుందో కూడా ఉంది. వెళ్లే ఊరి గురించి రాసింది నాలుగు ముక్కలే, అవి చేరిన రోజే పనికొచ్చేవి.

రెండో కాగితం

చెవి సంగతి పిల్ల చీటీలో నేరుగా రాయలేదు. ఆ చీటీని పాప స్నేహితులకు చూపిస్తుంది, పక్కింటివాళ్లకు చూపిస్తుంది. కొత్త తరగతిలో ఎవరో చదివి ఆ మాటతోనే పాపను పిలవచ్చు. అందుకని వేరే అర కాగితం మీద కొత్త టీచరుకు రాశాను. అక్కడి టీచరుకు తెలుగు చదవడం వస్తుందో రాదో తెలియదు, నాకు కన్నడం రాయడం రాదు. ఇద్దరికీ నడిమధ్య ఇంగ్లీషు ఉంది. చిన్న చిన్న వాక్యాల్లో నాలుగే అంశాలు రాశాను.

ఒకటి, ఈ పాపకు ఎడమ చెవి సరిగా వినపడదు, బోర్డు వైపు తిరిగితే ఎడమ కొసన కూర్చోబెడితే పలుకుతుంది, ఆసుపత్రి చీటీ తల్లి దగ్గర ఉంది. రెండు, పిలిచినప్పుడు పలకకపోతే అది భాష వల్లా చెవి వల్లా అని తేల్చుకోడానికి కుడి పక్కన నిలబడి మళ్లీ పిలిచి చూడండి. మూడు, తెలుగు ధారాళంగా చదువుతుంది, ఒత్తుల దగ్గర నెమ్మదిస్తుంది. నాలుగు, మధ్యలో సున్నా ఉన్న తీసివేతలు ఇంకా కుదరలేదు, గింజలూ మూటలూ ముందు పెడితే చేస్తుంది. కింద తేదీ వేశాను. తేదీ ముఖ్యం. పిల్లలు నెలల్లో మారిపోతారు. నవంబరులో రాని లెక్క జనవరికి వచ్చేసి ఉండవచ్చు. పాత కాగితం చూసి కొత్త పిల్లను కొలవకూడదు.

ఈ కాగితాన్ని రాయడానికి ముందే తల్లిని అడిగాను. చెవి సంగతి అక్కడి టీచరుకు రాసి ఇవ్వమంటావా అని. ఆమె కాసేపు తటపటాయించింది. "తెలిస్తే బడిలో చేర్చుకోకుండా పోతారేమో మేడం" అంది. అలా ఆపడానికి వీల్లేదని చెప్పాను. చివరికి "రాయండి" అంది. వద్దంటే రాసేదాన్ని కాదు. ఆ సంగతి ఆ ఇంటిది, ఎవరికి చెప్పాలో వాళ్లే తేల్చుకోవాలి. ఆ మాట కూడా ఆమెకు చెప్పాను: "ఈ కాగితం నీ దగ్గరే ఉంటుంది. ఇవ్వాలనిపిస్తేనే ఇయ్యి."

ఇచ్చే పద్ధతి

గురువారం పొద్దున అందరి ముందూ ఇవ్వలేదు. అందరి ముందూ ఇస్తే పిల్ల చదవడం మానేసి ఏడుస్తుంది. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని, కుడి పక్కన నేను కూర్చుని, తనచేతే చదివించాను. హులి దగ్గర నవ్వింది. మూట దగ్గర ఆగి, "మూడోది ఇప్పుడు చేస్తా మేడం" అంది. చేసింది. ఈసారి తప్పలేదు.

తర్వాత వాళ్లమ్మకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. పిల్ల కాగితంలో ఏముందో తల్లికి తెలియకపోతే అది ఆ ఇంట్లో ఉండదు, ఏ పొట్లం కట్టడానికో పోతుంది. విన్నాక ఆమె రెండు కాగితాలనూ మడిచి ఆ ప్లాస్టిక్ కవరులో, రేషన్ కార్డుకూ టీకాల కార్డుకూ మధ్యలో పెట్టుకుంది. నేను లామినేషన్ చేయించలేదు, ఏ బహుమతీ కట్టలేదు. ఆ కవరు కంటే భద్రమైన చోటు ఆ ఇంట్లో లేదు.

చీటీ అందని పిల్లలు

ఇలా చెప్పి వెళ్లేవాళ్లు కొందరే. చాలా ఇళ్లు ఆదివారం రాత్రి కదులుతాయి. సోమవారం హాజరు పిలిస్తే పక్క పిల్ల "వాళ్లు పొయినారు మేడం" అంటుంది. టి.సి. లేదు, చీటీ లేదు, నోటుబుక్కులో మూడు వాక్యాలు మాత్రం మిగిలిపోతాయి. ఒక నెల గైరుహాజరు, ఆ తర్వాత ఆ పేరు ఏ బడిలోనూ ఉండదు. అందుకే ఇప్పుడు ప్రతి ఏడూ దసరా ముందు తల్లిదండ్రుల సమావేశంలో ఒకే మాట చెబుతున్నాను. "మీరు ఎందుకు పోతున్నారని అడగం. ఆపం. పోయే ముందు రెండు రోజులు ముందుగా ఒక్క మాట చెప్పండి. పాప గురించి మాకు తెలిసింది మీతో పంపుతాం." ఈ మాట చెప్పడం మొదలుపెట్టాక చెప్పి వెళ్లేవాళ్లు కాస్త పెరిగారు. కాగితాల కోసం తిప్పుతారన్న భయం తగ్గింది.

చీటీ అన్నీ చేయదు. కొత్త టీచరు దాన్ని చదవకపోవచ్చు. చదివినా నలభై మంది పిల్లల మధ్య మరచిపోవచ్చు. మన రాత చూసి, తమకు పాఠాలు చెబుతున్నట్టు అనుకోవచ్చు కూడా. అందుకే ఆ అర కాగితంలో ఇలా చేయండి అనడం తగ్గించి, నేను ఇలా చేస్తే ఇలా జరిగింది అని రాయడం మంచిదని తర్వాత్తర్వాత నేర్చుకున్నాను.

డిసెంబరు మొదట్లో ఒకరోజు ఆ తల్లి ఫోను చేసింది. పని నడుస్తున్న భవనం పక్కనే రేకుల షెడ్డులో ఉంటున్నారట. బడి నడిచి పోయేంత దూరంలోనే ఉందట. "ఆ టీచరమ్మ ఆ చిన్న కాగితం చదివి, పాపను ఎడం పక్క కొసాన కూర్చోబెట్టింది మేడం" అంది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ ఏమీ అడగలేదు.

ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరుకు ఊరంతా తిరిగి వస్తుంది. ఎక్కడెక్కడికి పోయినవాళ్లూ ఆ నాలుగు రోజులు కనిపిస్తారు. తేరు మర్నాడు పాప బడికి వచ్చింది. కాస్త పొడుగైంది. తలుపు దగ్గర నిలబడి, నెమలి బొమ్మ బీరువాలో ఉందో లేదో ముందు చూసుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా తప్పు దిద్దుతున్నదానిలా నిలబడింది.

"మేడం, ప అన్నిటికీ హ కాదు. పప్పును హప్పు అనరు."

"మరేమంటారు?"

"బేళె. మా అవ్వ బ్యాళ్లు అంటాది కదా, అదే."

ఆ సాయంత్రం శనివారం కాదు. అయినా నోటుబుక్కు తీసి, ఆ పాప పేజీలో ఆ వాక్యం రాసుకున్నాను. ఆ తర్వాత ఏడాది బెంగుళూరు వెళ్లిన ఇంకో పిల్ల చీటీలో పులి, హులి దగ్గర 'చాలా మాటల్లో, అన్నిట్లో కాదు' అని చేర్చాను. దాని పక్కనే బ్యాళ్లు, బేళె అని కూడా రాశాను.